తలకు పోసుకున్న తర్వాత

వీరేష్ తలమీద తువ్వాలు కప్పుకుని కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. ఆ ఆదివారం పొద్దున అతను ఇద్దరు బిడ్డల తల్లి. చిన్నబిడ్డకు నాలుగో నెల, ఇంకా పాలు తాగుతోంది. మూడో కాన్పు వద్దు, ఆపరేషన్ అంటే భయం. బల్లకు ఇవతల అతని భార్య మహేశ్వరి డాక్టరు. ఫోనులో ఏడు నిమిషాలకు గంట పెట్టారు. మహేశ్వరి రాయబోయే డాక్టరు పరీక్షలో, పేషెంటుకు సలహా చెప్పే కౌన్సెలింగ్ గదిలోనూ అంతే సమయం ఇస్తారు.

మహేశ్వరి నమస్కారం పెట్టింది, తన పేరు చెప్పింది, మీరు చెప్పింది బయటికి పోదని హామీ ఇచ్చింది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత కట్ట తెగిన చెరువే. పాలిచ్చే తల్లికి ఆరు నెలలు నిండేదాకా మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రలు ఎందుకు ఇవ్వకూడదో, ఛాయ అనే మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి ఎందుకు మింగాలో, అంతర అనే సూది మూడు నెలలకొకసారి వేయించుకుంటే గర్భాశయం లోపలి పొరమీద ప్రొజెస్టోజెన్ ప్రభావం ఎలా ఉంటుందో, కాపర్-టీ పదేళ్లు ఎలా పనిచేస్తుందో, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పింది. గంట మోగింది.

"నాకేమీ అర్థం కాలేదు డాక్టరమ్మా," అన్నాడు వీరేష్ తువ్వాలు సర్దుకుంటూ. "నువ్వు చెప్పింది మా సైన్సు సారుకు కూడా అర్థం కాదు." అతనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాడు.

కిటికీ అవతల, మెట్లమీద కూర్చున్న అతని తల్లి చౌడమ్మ పకపకా నవ్వింది. ఆమె బయట చేరి అది రెండో రోజు. విడపనకల్లు దగ్గర ఊళ్లో అయితే ఇంటి వెనక చిన్న వసారా ఉంది. ఇక్కడ అనంతపురంలో, అద్దె ఇంట్లో, అంత వెసులుబాటు యాడిది? మెట్లకింద చాప, పక్కన చెంబు, ఒక గిన్నె. మహేశ్వరి వద్దంటే వినలేదు. "డాక్టరు చదువు నీది, ముట్టు నాది," అని తేల్చేసింది.

మనవరాలు హరితకు పదో నెల. ఆ బిడ్డను మాత్రం ముట్టుకోవచ్చు, కానీ ఒంటిమీద బట్ట ఉండకూడదు. నూలుపోగు లేని బిడ్డకు మైల అంటదని చౌడమ్మ ఊరి లెక్క. అందుకని ఆ రోజుల్లో హరిత దిసమొలతో మెట్లమీద పాకుతుంటుంది. గాలి తగిలి తుమ్మిందంటే చాలు, మహేశ్వరికి పిల్లల వైద్యం పుస్తకంలోని న్యుమోనియా పేజీ మొత్తం కళ్లముందు తిరుగుతుంది. చదివినకొద్దీ భయం పెరిగే చదువు అది.

మహేశ్వరి తండ్రి వేరుశనగ కూలి. వానలేని ఏళ్లలో బెంగళూరు పోయి కట్టడాల దగ్గర ఇటుకలు మోసి కూతుర్ని చదివించాడు. ఆమె పెళ్లి ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో జరిగింది, కాన్పు కూడా ఆ ఏడాదే. మూడో నెల బిడ్డను అత్త ఒడిలో పెట్టి పరీక్షలు రాసింది. మెడిసిన్, సర్జరీ, పిల్లల విభాగం గట్టెక్కాయి. స్త్రీల విభాగం ప్రాక్టికల్స్‌లో పోయింది. తోటివాళ్లందరూ హౌస్‌సర్జన్లయి తెల్లకోటులో తిరుగుతుంటే, ఆమె అదే ఆస్పత్రి కారిడార్‌లో సప్లిమెంటరీకి చదువుతోంది. ఈసారి కూడా తప్పితే మళ్లీ నెలలకొద్దీ ఆగాలి. ఆగడం ఆమెకు ఇష్టం లేదు. ఆగనని మనసులో గట్టిగా అనుకుంది.

ఎందుకు తప్పిందో ఆమెకు తెలుసు, తెలుసు అనుకుంది. పరీక్షలో ఆమెకిచ్చిన పేషెంటు పేరు బయమ్మ, ముప్పై ఏడేళ్ల మనిషి. నీరసం, ఆయాసం. నెలసరి ఎన్ని రోజులుంటుందని అడిగితే అయిదు రోజులంది. క్రమంగా వస్తుందా అంటే వస్తుందంది. మహేశ్వరి అదే రాసుకుంది, రక్తహీనతకు తిండి లోపం, నులిపురుగులు కారణాలుగా చెప్పింది, పిల్లలు చాలనుకుంటోంది గనుక కాపర్-టీ సలహా ఇచ్చింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ చదివిన కేస్‌షీట్ ప్రకారం బయమ్మకు పది రోజులకు పైనే గడ్డలు గడ్డలుగా పోతోంది, రక్తం ఆరు గ్రాములకు దిగింది. అంత రక్తస్రావం ఎందుకవుతోందో తేల్చకుండా కాపర్-టీ వేస్తే అది ఇంకా పెరుగుతుంది. ఎగ్జామినర్ పెన్ను మూతపెట్టి, "నువ్వు ఈమెతో మాట్లాడనేలేదు," అంది.

మాట్లాడింది. పేషెంటే అబద్ధం చెప్పింది. ఆ కోపం మహేశ్వరికి ఇన్ని నెలలయినా చల్లారలేదు.

సోమవారం పొద్దున్నే చౌడమ్మ తలకు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని లోపలికొచ్చింది. ఊళ్లో అయితే అయిదో రోజు పోసుకుంటుంది, ఇక్కడ మూడో రోజుకే. అదేమంటే, టౌనులో అంతే చాలులే అంది. వీరేష్ బడికి పోయాక బిడ్డను ఉయ్యాల్లో వేసి, తనే కుర్చీలో కూర్చుంది.

"వాణ్ణెందుకు అడుగుతావు మే? వానికేం తెలుసు ఆడోళ్ల సంగతి? నన్నడుగు."

మహేశ్వరికి నవ్వొచ్చినా, వరసగా అడిగింది. వయసు నలభై ఏడు. కాన్పులు మూడు, కడుపు పోయింది ఒకటి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వీరేష్ తమ్ముడు పుట్టినప్పుడే అయింది. నెల తప్పకుండా వస్తుందా అంటే వస్తాదంది. ఎన్ని దినాలంటే, "మూడు. ఈ పొద్దు తలకు పోసుకుంటి గదా, చూస్తివి," అంది. అన్నీ మామూలే. ఆపరేషన్ అయిన మనిషికి గర్భనిరోధకం గురించి చెప్పేదేముంటుంది? ఆ పాఠం అక్కడితో ముగించి, నెలసరి జబ్బుల పేజీ తీసింది. ఇరవై నాలుగు నుంచి ముప్పై ఎనిమిది రోజులకొకసారి వస్తే క్రమం, ఎనిమిది రోజులు దాటితే ఎక్కువ. తప్పకుండా అడగాల్సినవి: గడ్డలు పడతాయా, రాత్రి లేచి బట్ట మార్చాల్సి వస్తుందా, పని ఆగిపోతుందా. బట్టీ పడుతూ ఉయ్యాల ఊపింది.

బుధవారం మధ్యాహ్నం చౌడమ్మ బిడ్డను చంకనేసుకుని ఉతికిన బట్టలు తేవడానికి మేడమీదికి పోయింది. ఎంతసేపటికీ దిగలేదు. మహేశ్వరి చూడబోతే, సగం మెట్లమీద గోడకు ఒరిగి కూర్చుని ఉంది. బిడ్డను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. పెదవులు సున్నం పూసినట్టున్నాయి. మహేశ్వరి గబగబా బిడ్డను తీసుకుంది. అప్పుడే అత్త చీర వెనకవైపు తడిసి ఉండటం కనిపించింది.

నీళ్లు తాగించి, కాళ్లు దిండుమీద పెట్టి పడుకోబెట్టాక, కింది కనురెప్ప లాగి చూసింది. ఎరుపన్నదే లేదు.

"అత్తా, మూడు దినాలే అంటివి గదా."

"మూడు దినాలే కదమ్మా కూర్చుంటి."

"మరి ఇదేంది?"

 చౌడమ్మ గోడవైపు చూస్తూ చెప్పింది. "తలకు పోసుకున్నాక కనపడేది ఎవురూ చెప్పుకోరు. చెప్తే మళ్లా బయటికి పోవాల. ఊళ్లో అయితే చిన్నకోడలుంది, వంట చేస్తాది. ఈడ నేను మెట్లమీద కూర్చుంటే బిడ్డనెవురు ఎత్తుకుంటారు? నీ పరీక్ష ఏం గావాల?"

ఎన్నాళ్లు పోతుందంటే ఎవురు లెక్కపెట్టినారంది. మళ్లీ తనే, పది దినాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, అంది. పోయిన ఉగాది నుంచి. గడ్డలా? పడతాయి, కోడి కార్జాలంత. రాత్రుళ్లు రెండుసార్లు లేస్తుంది. ఈ వయసులో అందరికీ అంతేనని ఊళ్లో ఆడవాళ్లన్నారు.

మహేశ్వరి మంచం పక్కనే నేలమీద కూర్చుంది. ఆమెకు బయమ్మ గుర్తొచ్చింది. బయమ్మ అబద్ధం చెప్పలేదు. అయిదో రోజు తలకు పోసుకుంది, అయిదు అని చెప్పింది. స్నానంతో నెలసరి ముగిసిపోయినట్టే లెక్క. ఆ తర్వాత ఎంత పోయినా అది ఇంట్లో ఎవరికీ చెప్పుకోని విషయం, డాక్టరు అడిగినా నోటికి రాని విషయం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. తాను అడిగిందల్లా పుస్తకంలో ఉన్న ఒక్క ప్రశ్న. ఇంకొకటి అడిగి ఉంటే బయటపడేది. ఇదే పద్ధతి తన ఇంట్లో, తన కళ్లెదుట, మెట్లమీద నడుస్తుంటే కూడా ఆమెకు తట్టలేదు. తాను పుట్టింది కూడా అలాంటి ఊళ్లోనే గదా. చదివేస్తే ఉన్న మతి పోయినట్టయింది.

పరీక్షకు పట్టుమని రెండు వారాలు కూడా లేవు. అత్తను ఆస్పత్రికి తీసుకుపోతే ఒకరోజుతో తేలదని ఆమెకు తెలుసు. పరీక్ష అయ్యాక పోదామని చౌడమ్మ కూడా బతిమాలింది. మహేశ్వరి ఒప్పుకోలేదు. నలభై అయిదు దాటిన మనిషికి ఇలా పోతుంటే ముందు క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. పుస్తకంలో ఆ వాక్యం కింద ఆమె తన చేత్తోనే ఎర్రగీత గీసుకుంది. ఆ మాట అత్తతో అనలేదు. పుస్తకం సంచిలో వేసుకుంది, బిడ్డను ఎత్తుకుంది, మర్నాడు పొద్దున్నే ఆటో పిలిచింది.

ఓపీలో ఎలిజబెత్ మేడమ్ ఉంది. ఆ విభాగం ప్రొఫెసర్, పోయినసారి మహేశ్వరి తప్పినప్పుడు ఎగ్జామినర్ పక్కన కూర్చున్న మనిషి. ఆమె మహేశ్వరిని గుర్తుపట్టింది, కానీ పలకరించలేదు. "హిస్టరీ చెప్పు," అంది.

మహేశ్వరి చెప్పింది. ఎన్ని రోజులు బయట కూర్చుంటుంది, ఎన్నో రోజు తలకు పోసుకుంటుంది, ఆ తర్వాత ఎన్నాళ్లు కనపడుతుంది, గడ్డలు, రాత్రి మార్చుకునే బట్టలు, మెట్లమీద కళ్లు తిరగడం. ఎలిజబెత్ మేడమ్ రాయడం ఆపి తలెత్తింది. "పోయినసారి ఇట్లా అడిగివుంటే బాగుండేది," అని మళ్లీ రాసుకోసాగింది.

రక్తం ఏడు గ్రాములు. థైరాయిడ్ మామూలే. స్కాన్‌లో గర్భసంచి కాస్త ఉబ్బి, గోడ మందంగా కనిపించింది. లోపలి పొరనుంచి సన్నని గొట్టంతో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రక్తం తగ్గే మాత్రలిచ్చి, ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. అందుకోసం మూడుసార్లు తిరిగారు. సెలైన్ చుక్కచుక్కగా పడుతున్నంతసేపూ మహేశ్వరి బిడ్డకు పాలిస్తూ చదివింది. నెలసరి జబ్బుల కారణాలకు గుర్తుండటానికి పుస్తకంలో తొమ్మిది అక్షరాల మాట ఉంటుంది, అక్షరానికొక కారణం. మొదటి నాలుగూ కంటికి దొరికేవి: కండపెరుగుదల, గోడలోకి పాకిన పొర, గడ్డ, క్యాన్సర్. మిగిలినవి కంటికి దొరకనివి: రక్తం గడ్డకట్టకపోవడం, అండం విడుదల కాకపోవడం, అలాంటివి. ఇన్నాళ్లూ ఆ తొమ్మిదీ ఆమె నాలుకమీద తప్ప ఎక్కడా ఉండేవి కావు. ఇప్పుడు ఒక్కొక్కటి చదువుతూ, ఇది అత్తకు కాదు, ఇది కావచ్చు అని తీసేస్తూ పోయింది. నాలుగోదాని దగ్గర మాత్రం పేజీ తిప్పడానికి చెయ్యి రాలేదు.

రిపోర్టు వారానికి వచ్చింది. క్యాన్సర్ లేదు. గర్భసంచి లోపలి పొర దాని గోడలోకి పాకిందని, స్కాన్ చూసి అనుకున్నదే ఖాయం చేసుకున్నారు.

ఎలిజబెత్ మేడమ్ రిపోర్టు మడిచి మహేశ్వరి చేతికిచ్చింది. "నువ్వే చెప్పు మీ అత్తకు. నేను వింటా."

"సంచి తీసేస్తే పోతాది గదా," అంది చౌడమ్మ ముందుగానే. "మా ఊళ్లో సగంమంది తీయించుకున్నారు. నాదీ తీసేయండి, పీడ పోతాది."

మహేశ్వరి వెంటనే వద్దనలేదు. తీయించుకోవాలని ఎందుకనిపిస్తోందని అడిగింది. బయట కూర్చునే పని తప్పుతుందని చౌడమ్మ అంది. అప్పుడు మహేశ్వరి ఒక్కొక్కటే, తమ ఊరి మాటల్లో చెప్పింది. సంచి తీయడం పెద్ద ఆపరేషన్, ఒంట్లో రక్తం ఇంత తక్కువున్నప్పుడు ఇంకా కష్టం, మిగతావి పనిచేయకపోతే అప్పుడు చూసుకోవచ్చు. మాత్రలతో తగ్గించుకోవచ్చు, నెలనెలా గుర్తుపెట్టుకుని మింగాలి. లేదంటే సంచిలో మందున్న చిన్న లూపు వేస్తారు, అయిదేళ్లు పనిచేస్తుంది.

"లూపా? ఆపరేషన్ అయి ఇరవయ్యేండ్లు దాటె, ఇప్పుడు నాకు లూపేంది మే? ఊళ్లో తెలిస్తే నవ్వరా?"

అది పిల్లలు పుట్టకుండా ఉండటానికే కాదని, అందులోంచి కొంచెం కొంచెంగా వచ్చే మందు పొరను పలచన చేస్తుందని, అందుకే రక్తం తగ్గుతుందని చెప్పింది. రాగితో చేసిన కాపర్-టీ అయితే పెంచుతుంది, అది వేరు, ఇది వేరు. అక్కడ ఆగి, చెప్పాలా వద్దా అని ఒక్కక్షణం అనుకుంది. చెప్పింది. "వేసిన కొత్తలో మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు, చుక్కచుక్కగా కనపడుతుంటాది అత్తా. ఎప్పుడు కనపడుతుందో చెప్పలేము. అన్ని దినాలూ బయట కూర్చోవాలనుకుంటే నీకు కష్టం. తర్వాత బాగా తగ్గుతాది, కొందరికి పూర్తిగా నిలిచిపోతాది, దాంతో ఒంటికి చెడుపేమీ లేదు. నువ్వే చెప్పు. ఈ పొద్దే చెప్పాల్సిన పన్లేదు."

చౌడమ్మ రెండు రోజులు ఆలోచించింది. అడగవలసిన వాళ్లను ఎవర్నీ అడిగినట్టు లేదు. శనివారం సాయంత్రం బిడ్డకు రాగి సంగటి మెత్తగా చేసి తినిపిస్తూ తీర్పు చెప్పింది. ముట్టు వచ్చినప్పుడు కూర్చుంటుంది. ఆ చుక్కలు మాత్రం మందు చేసేవి, ముట్టు కాదు, వాటికి కూర్చునే పని లేదు. లూపు వేయించుకుంటుంది. వీరేష్ నవ్వాపుకోలేక బయటికి పోయాడు. మహేశ్వరి నవ్వలేదు.

"మళ్లా ఒకసారి చెప్పు అత్తా, లూపు వేసినాక ఏ గుర్తులుంటే వెంటనే ఆస్పత్రికి రావాల?"

"కడుపు బాగా నొచ్చినా, జరమొచ్చినా, కంపు వచ్చినా, లూపు దారం చేతికి తగలకపోయినా," అని చౌడమ్మ బడిపిల్లలా అప్పజెప్పింది.

పరీక్షరోజు కౌన్సెలింగ్ గదిలో బల్లకు అవతల పేషెంటుగా నటించడానికి ఒక నర్సు కూర్చుని ఉంది. పక్కన కొత్త ఎగ్జామినర్, చేతిలో ప్రశ్నల చీటీ. నర్సు చెప్పిన కథ ఇది: ఇద్దరు పిల్లలు, అంతర సూది మొదటిది వేయించుకుంది, అప్పట్నుంచి చుక్కచుక్కగా కనపడుతూనే ఉంది, రెండో సూది ఇక వద్దు.

 మహేశ్వరి చేతులు రెండూ బల్లమీద పెట్టి, అడగవలసినవి అడిగింది. చివరికి, "ఇది కనపడుతున్నప్పుడు ఇంట్లో మీకెట్లా ఉంటాది? బయట కూర్చోవాల్సి వస్తుందా?" అంది.

నర్సు ఎగ్జామినర్‌వైపు చూసింది. చీటీలో ఆ ప్రశ్న లేనట్టుంది. తర్వాత మహేశ్వరివైపు తిరిగి, నెమ్మదిగా, "వస్తాది మేడమ్. నెలంతా," అంది.

అక్కడనుంచి మహేశ్వరికి తడబాటు లేదు. ముందు గర్భం రాలేదని, ఇన్ఫెక్షన్ లేదని చూస్తామంది. సూది వేసిన కొత్తలో ఇలా కనపడటం చాలామందికి మామూలే, ఒంటికి హాని లేదు, సూదులు పడేకొద్దీ తగ్గి చాలామందికి నెలసరే ఆగిపోతుందని చెప్పింది. అప్పటిదాకా కొన్ని రోజులు వాడే మాత్రలున్నాయి. అయినా ఇంట్లో ఓర్చుకోలేనంత కష్టంగా ఉంటే వేరే పద్ధతికి మారొచ్చు, అది మీ ఇష్టం, మారినందుకు ఎవరూ కోప్పడరు. సూది ఆపిన వెంటనే బిడ్డ కావాలన్నా కొన్ని నెలలు ఆలస్యమవుతుందని కూడా చెప్పి, తాను చెప్పింది ఆమె నోటితో తిరిగి చెప్పించుకుంది.

"బయట కూర్చోవడం గురించి ఎందుకడిగినావు?" అంది ఎగ్జామినర్.

"అది తెలియకపోతే, నేనెంత చెప్పినా ఈమె రెండో సూదికి రాదు మేడమ్."

గంట మోగింది. ఎగ్జామినర్ చీటీ మీద ఏదో రాసింది. మహేశ్వరి లేచి నమస్కారం పెట్టి పక్క గదికి నడిచింది. అక్కడ ఇంకొక పేషెంటు ఎదురుచూస్తోంది.

ఫలితం వచ్చింది, ఆమె పాసయింది. గొప్ప మార్కులేమీ కావు, స్త్రీల విభాగంలో గీత దాటి కాస్త పైన. వీరేష్ బడినుంచి ఫోన్ చేస్తే ఊఁ అని మాత్రం అంది. చౌడమ్మ ఆ సంగతి విని బిడ్డ మూతి తుడిచింది.

"పాసయితివి, సరే. రేపట్నుంచి పొద్దున పోతే మాపటికి గదా నువ్వొచ్చేది?"

"రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయి అత్తా."

"ఉండనీ," అంది చౌడమ్మ. "పోయిరా. అందర్నీ సరిగ్గా అడుగు."